సోలార్ ప్యానెల్ మీద కాలిన మచ్చ: తప్పు టెంకాయ చెట్టుదా, ట్యాంకుదా?

ప్రశ్న: మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు వైపు. 2020లో మా మామగారు రిటైర్మెంటు డబ్బుతో మిద్దె మీద సోలార్ పెట్టించారు. 335 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది, అన్నీ ఒకే వరస, మూడు కిలోవాట్ల ఇన్వర్టర్. ఏప్రిల్‌లో కడుగుతుంటే ఒక ప్యానెల్ అడుగు వరసలో ఒక సెల్ మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ కనబడింది. వెనక తెల్ల షీటు అక్కడే ఉబ్బి, నడుమ నల్లగా కాలింది. పెట్టినవాళ్లు ‘దుమ్ము వల్ల, ఏం కాదు’ అన్నారు. తెలిసిన ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం మీటరు పెట్టి ‘దీనికీ 41 వోల్టులు, పక్కదానికీ 41, డయోడ్లు బాగున్నాయి’ అన్నాడు. తూర్పున పక్కింటి టెంకాయ చెట్టు నీడ ఉదయం తొమ్మిది దాకా పడుతుంది. మా ఆయన దానిమీద వాళ్లతో గొడవ పెట్టుకున్నారు. తన డబ్బు బూడిదైందని మామగారు మిద్దె ఎక్కడమే మానేశారు. దక్షిణాన రెండేళ్ల కిందట స్టాండు వేసి పెట్టిన నీళ్ల ట్యాంకు ఉంది. ప్యానెళ్లకు నాలుగడుగుల దూరం, వాటి కింది అంచు కన్నా ఆరడుగులు ఎత్తు. దాని నీడ ప్యానెళ్ల మీద పడదు, నేనే చూశాను. నిప్పంటుకుంటుందేమోనని నాకు టెన్షన్. ప్యానెల్ మార్చాలా, చెట్టు కొట్టించాలా, అంతా తీసేయాలా?
– ఒక సోదరి, తిరుపతి

సమాధానం:

అమ్మా, మిగతా లెక్కలు తర్వాత చూద్దాం. ముందు ఇన్వర్టర్ పక్కనున్న డీసీ ఐసోలేటర్ ఆపేయించండి. మచ్చ ముందువైపు మాత్రమే ఉంటే కొన్నాళ్లు ఆగవచ్చు. వెనక షీటు కాలి నల్లబడిందంటే, కరెంటు బయటికి రాకుండా కాపాడే పొరే అక్కడ పోయిందన్నమాట. వాన పడి అక్కడ తడిస్తే కరెంటు ప్యానెల్ ఫ్రేముకు దిగవచ్చు. వాన కురిసిన మరుసటి ఉదయం ఇన్వర్టర్ మీద ‘Isolation Fault’ అనో ‘ISO’ అనో ఎప్పుడైనా కనబడి, ఎండెక్కాక దానంతటదే పోయి ఉంటే, అదే జరుగుతోందని అనుకోవచ్చు. ఐసోలేటర్ ఆపితే వరసలో కరెంటు పారదు కాబట్టి మచ్చ వేడెక్కడం ఆగుతుంది. కానీ ఎండ ఉన్నంతసేపూ తీగల్లో వోల్టేజీ ఉంటుంది. తొమ్మిది ప్యానెళ్లకూ కలిపి దాదాపు 370 వోల్టులు. కాబట్టి ఆపేశాం కదా అని ఎవరూ కనెక్టర్లను చేత్తో లాగవద్దు. మచ్చ చల్లారుతుందని మధ్యాహ్నం నీళ్లు కొట్టవద్దు, కాగిన అద్దం పగలవచ్చు.

ఇప్పుడు అది ఎందుకు కాలిందో చూద్దాం.

2020 నాటి 335 వాట్ల ప్యానెల్ అంటే మామూలుగా 72 సెల్స్ ఉంటాయి. నిలువుగా ఆరు వరసలు, వరసకు పన్నెండు. మీది అదేనని పెట్టుకుని చెబుతున్నాను, లెక్కపెట్టి చూసుకోండి. ఈ 72 సెల్స్ ఒకదాని తర్వాత ఒకటి తగిలించి ఉంటాయి కాబట్టి అన్నింటిలోనూ ఒకే కరెంటు పారాలి. మంచి ఎండలో అది తొమ్మిది ఆంపియర్ల దాకా ఉంటుంది. స్లాబు వేసే రోజు కూలీలు వరసగా నిలబడి తట్టలు అందించుకోవడం చూసే ఉంటారు. నడుమ ఒకడు నెమ్మదిస్తే వెనకవాళ్ల ఊపంతా వాడి మీదే పడుతుంది. ఒక సెల్ మీద సగం నీడ పడితే అది తనంతట తాను నాలుగున్నర ఆంపియర్లే ఇవ్వగలదు. మిగతావి తొమ్మిదీ పారించాలని చూస్తాయి. అప్పుడు ఆ సెల్ కరెంటు పుట్టించడం మానేసి, పక్క సెల్స్ పుట్టించిన దాన్ని తాను తినడం మొదలుపెడుతుంది. తిన్నదంతా వేడవుతుంది. హాట్ స్పాట్ అంటే అదే.

దీన్ని అడ్డుకోవడానికే బైపాస్ డయోడ్లు. ప్యానెల్ వెనక జంక్షన్ బాక్సులో మూడుంటాయి. ఒక్కొక్కటి రెండు నిలువు వరసలకు, అంటే 24 సెల్స్‌కు కాపలా. ఆ గుంపులో ఒక సెల్ మొరాయిస్తే మిగతా కరెంటు ఆ డయోడ్ గుండా పక్కదారిన పోతుంది. దానివల్ల నీడలో ఉన్న సెల్ మీద పడే భారం తన గుంపులోని మిగతా 23 సెల్స్ ఇచ్చే వోల్టేజీకే పరిమితమవుతుంది, సుమారు 13 వోల్టులు. సగం నీడ లెక్క తీసుకుంటే 13 వోల్టులు, నాలుగున్నర ఆంపియర్లు, దాదాపు 58 వాట్లు. నిండు ఎండలో నాలుగున్నర వాట్లు ఇవ్వాల్సిన సెల్, అంతకు పన్నెండు రెట్లకు పైగా మింగుతోంది. డయోడ్ బాగున్నప్పుడు పరిస్థితి ఇది. డయోడ్ ఉంటే సెల్ వేడెక్కదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. డయోడ్ నష్టానికి ఒక హద్దు పెడుతుంది, అంతే.

నిండా నీడ పడిన సెల్ కన్నా సగం నీడ పడిన సెల్ ఎక్కువ కాగుతుంది. నిండా నీడలో ఉన్నది దాదాపు కరెంటును పోనివ్వదు కాబట్టి వోల్టేజీ మీద పడినా వేడి తక్కువే. సగం వెలుతురున్నది కరెంటునూ పోనిస్తుంది, వోల్టేజీనీ మోస్తుంది.

డయోడ్ తెగిపోతే ఆ హద్దు పోతుంది. అప్పుడు ఆ ఒక్క సెల్ మీద తొమ్మిది ప్యానెళ్ల వరసంతా బరువు వేస్తుంది. సెల్‌ను పదిహేను, ఇరవై వోల్టులు వెనక్కి నెట్టేసరికి అందులో ఎక్కడో బలహీనమైన చోట తెగి దారి ఇచ్చేస్తుంది, కరెంటంతా ఆ ఇరుకు చోటునుంచే దూరుతుంది. వంద వాట్లకు పైన వేడి రూపాయి బిళ్లంత చోట పుడితే గోధుమరంగు మచ్చ, వెనక బొబ్బ తప్పవు. మన ఎండకు మామూలు సెల్ 60, 70 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చోటు మాత్రం 150 చుట్టుపక్కలకు పోతుంది. సెల్ మొత్తం కాకుండా ఒక చుక్కే కాలడానికి కారణం ఇది.

ఇక మీ ఎలక్ట్రీషియన్ కొలిచిన 41 వోల్టులు. కొలత సరైనదే, అందులోంచి తీసిన అర్థం సగమే సరైనది. డయోడ్ రెండు రకాలుగా చెడుతుంది. లోపల అతుక్కుపోతే తన 24 సెల్స్‌నూ షార్ట్ చేసేస్తుంది, ప్యానెల్ వోల్టేజీలో మూడో వంతు ఎగిరిపోతుంది. అలాగైతే 41 బదులు 27 చుట్టూ కనబడేది. మీకు 41 ఉంది కాబట్టి ఆ రకం చెడు లేదు. రెండోది తెగిపోవడం. తెగిన డయోడ్, బాగున్న డయోడ్ నీడ లేనప్పుడు ఒకేలా ఉంటాయి, రెండింటి గుండానూ ఏమీ పారదు. కాబట్టి ఎండలో వోల్టేజీ కొలిస్తే తెగిన డయోడ్ ఎప్పటికీ దొరకదు. ప్రమాదకరమైనది ఆ రకమే.

దాన్ని పట్టుకోవడానికి పొద్దుగూకాక చూడాలి. బాగా చీకటి పడ్డాక, ఐసోలేటర్ ఆపి ఉండగా, కాలిన ప్యానెల్ రెండు తీగలనూ విడదీయాలి. మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి, ఎర్ర ముల్లు ప్యానెల్ మైనస్ తీగకు, నల్ల ముల్లు ప్లస్‌కు ఆనించాలి. తిరగేసి పెడుతున్నామని కంగారు వద్దు, డయోడ్ల దారి ఆ వైపే. మూడూ బాగుంటే మీటరు మీద చిన్న అంకె కనబడుతుంది, సాధారణంగా ఒక వోల్టు లోపే. తర్వాత మంచి ప్యానెల్ ఒకదాన్ని అలాగే విడదీసి చూడాలి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే డయోడ్లు ఉన్నట్టే. కాలినదానికి బాగా ఎక్కువ చూపించినా, ‘OL’ అని పడినా ఒకటి తెగింది. ఈ పని మీరు చేయవద్దు, ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. పది నిమిషాల పని. ఆ ప్యానెల్ ఒక్కటే కాదు, మిగతా ఎనిమిదింటినీ ఒకేసారి చూపించండి.

డయోడ్ ఎందుకు తెగుతుంది? పిడుగు దగ్గర్లో పడితే తెగవచ్చు. కానీ రోజూ నీడ పడే ప్యానెల్‌లో ఇంకో కారణం ఉంది. నీడ ఉన్నంతసేపూ తొమ్మిది ఆంపియర్లలో పెద్ద భాగం డయోడ్ గుండా పోతుంది. మూసిన చిన్న డబ్బాలో మూడు నాలుగు వాట్ల వేడి, అదీ కాగిన ప్యానెల్ వెనక, గంటల తరబడి. డయోడ్ పెట్టింది ఎప్పుడో పడే నీడను ఆదుకోవడానికి. దాన్ని రోజువారీ కూలీకి పెడితే ఒక ఏడు కాకపోతే మరో ఏడు చస్తుంది. ఆ తర్వాత పడే నీడ నేరుగా సెల్‌నే కాలుస్తుంది.

అయితే ఆ నీడ ఎవరిది? ఇక్కడ మీ ఇంట్లోవాళ్లతో నేను ఏకీభవించను.

టెంకాయ చెట్టు నీడ ఉదయం తొమ్మిదికే పోతుందని మీరే రాశారు. ఆ వేళ ఎండ ఏటవాలుగా ఉంటుంది, అందులోనూ మట్టల నీడ చాలా ప్యానెళ్ల మీద చెదిరి పడుతుంది కాబట్టి వరసంతటిలో పారే కరెంటే కొద్దిగా ఉంటుంది. కరెంటు తక్కువైతే వేడీ తక్కువే. మట్టల వల్ల ఉత్పత్తి తగ్గుతుంది, అది నిజం. కానీ షీటు కాలేంత వేడి సాధారణంగా పది నుంచి రెండు మధ్యలో పుడుతుంది. పైగా చెట్టు నీడ రోజంతా ఒకే సెల్‌ను పట్టుకుని కూర్చోదు.

ట్యాంకు నీడ పడదని మీరు చూసింది ఏప్రిల్‌లో. మన తిరుపతికి ఏప్రిల్ చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు, ఏ వస్తువు నీడైనా దాని కిందే ఉంటుంది. డిసెంబరులో లెక్క వేరు. అప్పుడు మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎత్తులో ముప్పాతిక వంతు నీడ ఉత్తరానికి చాస్తుంది. ఆరడుగుల ట్యాంకుకు నాలుగున్నర అడుగుల నీడ. ప్యానెళ్లు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. మిగిలిన అర్ధ అడుగు ఎక్కడ పడుతుంది? అడుగు వరస సెల్స్ మీద. సెల్ వెడల్పు ఆరంగుళాలే. నవంబరు మూడో వారం నుంచి జనవరి మూడో వారం దాకా నీడ అంచు ఆ వరస మీదికి కొద్దికొద్దిగా ఎక్కి, మళ్లీ దిగుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కొన్ని రోజులు సరిగ్గా సగం సెల్ మీద నిలుస్తుంది, అదీ ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం. కాలిన ప్యానెల్ ట్యాంకుకు సూటిగా ఉత్తరాన ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే నాకు పెద్దగా అనుమానం మిగలదు.

ఇంకో చిన్న గమనింపు. ట్యాంకు నీడ అడుగు వరసలోని ఆరు సెల్స్‌నూ తాకాలి. ఆరూ వేడెక్కి ఉంటాయి, ఒక్కటే కాలింది. నీడ అన్నింటి మీదా పడి ఒక్కచోటే కాలితే, ఆ గుంపు డయోడ్ తెగి ఉండాలి, లేదా ఆ సెల్‌లోనే ముందునుంచి సన్నని పగులో, సరిగా అంటని టంకమో ఉండాలి. మచ్చ సెల్ మీద నిలువుగా పోయే వెండి గీత మీదే ఉంటే టంకాన్ని అనుమానించండి, గీతలకు దూరంగా నడుమ ఉంటే నీడను, డయోడ్‌ను. పెట్టినవాళ్లు చెప్పిన దుమ్ము మాట పూర్తిగా అబద్ధం కాదు. వాలు తక్కువైన ప్యానెళ్ల కింది అంచున మట్టి పేరుకుని అడుగు వరసను కప్పుతుంది. కానీ అది తొమ్మిదింటికీ పేరుకుంటుంది కదా. దానివల్ల ఒక్క ప్యానెల్ మాత్రమే కాలడం నాకు నమ్మశక్యంగా లేదు. వీలైతే మంచి ఎండలో, సిస్టమ్ నడుస్తుండగా థర్మల్ కెమెరాతో ఒక ఫోటో తీయించవచ్చు. మీ విషయంలో షీటే కాలింది కాబట్టి ఆ ఫోటో కోసం మళ్లీ ఆన్ చేయించవద్దు. కాలినదాన్ని తప్పించాక మిగతా ఎనిమిదింటికి తీయించండి.

ఇక మీ ముందున్న దారులు.

అన్నిటికన్నా చవక, కాలిన ప్యానెల్‌ను వరసలోంచి తప్పించి దాని అటూ ఇటూ ఉన్న తీగలను కలిపేయడం. ఎనిమిది ప్యానెళ్లతో మీ ఇన్వర్టర్ నడుస్తుందో లేదో దాని మీద రాసి ఉన్న కనీస డీసీ వోల్టేజీ చూస్తే తెలుస్తుంది. ఎండాకాలం పనిలో ఎనిమిదింటికీ కలిపి 260 వోల్టుల పైన ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాకపోవచ్చు. ఉత్పత్తిలో తొమ్మిదో వంతు పోతుంది. ఆ ప్యానెల్ తీసేటప్పుడు ఫ్రేముల ఎర్త్ తీగ తెగిపోకుండా చూడమనండి. దాన్ని సాధారణంగా మరిచిపోతారు.

కొత్త ప్యానెల్ పెట్టడం రెండో దారి. ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఇప్పుడు అంగట్లో దొరికేవి ఎక్కువగా 500 వాట్ల పైవి, 13 ఆంపియర్లవి. మీ వరసలో పెడితే తొమ్మిది ఆంపియర్లకే కట్టుబడతాయి, పెట్టిన డబ్బుకు ఫలితం రాదు, కొలతలూ మీ స్టాండుకు కుదరవు. తక్కువ కరెంటు ప్యానెల్ పెడితే ఇంకా చేటు. ఎండ బాగున్నా అది నీడలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది, దాని డయోడ్లు రోజంతా పనిచేస్తాయి. వాట్లు చూసి కాదు, వెనక స్టిక్కర్ మీద ‘Imp’ దగ్గర రాసిన అంకె చూసి కొనండి. అది మీ పాతవాటికి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి. ఎవరి దగ్గరైనా పాత 335 వాట్ల స్టాకు మిగిలి ఉంటే అదే మేలు. ట్యాంకును కదపకుండా కొత్త ప్యానెల్ పెడితే మాత్రం డిసెంబరు దాన్నీ వదలదు.

డయోడ్ మార్చేస్తే సరిపోదా అని ఎవరైనా అంటారు. డయోడ్ చవకే. కానీ కాలిన సెల్ తిరిగి రాదు, షీటు అతకదు, కాబట్టి ఆ ప్యానెల్‌కు డయోడ్ వేసి మళ్లీ మిద్దె మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. పొద్దుగూకాక పరీక్షలో మచ్చ లేని ఇంకో ప్యానెల్‌కు డయోడ్ తెగినట్టు తేలితే, అక్కడ డయోడ్ మార్చడం సరైన పని. దాని జంక్షన్ బాక్సు మూత తెరుచుకోవాలి. లోపల జిగురు నింపి మూసేసిన రకమైతే మార్చడం కుదరదు.

వారంటీని ఇంకా వదలకండి. 2020 నాటి ప్యానెళ్లకు తయారీ లోపాలకు పది, పన్నెండేళ్లు ఇవ్వడం మామూలు. కాగితాలు వెతకండి. 25 ఏళ్లని రాసి ఉండేది ఉత్పత్తి తగ్గుదలకు, ఈ మచ్చకు అది పెద్దగా పనికిరాదు. ప్యానెల్ సీరియల్ నంబరు, మచ్చ ముందూ వెనకా, మీటరు అంకె, అన్నింటి ఫోటోలు తీసి రాతపూర్వకంగా పంపండి, నోటిమాటతో వదలొద్దు. నీడ వల్ల వచ్చింది, మాకు సంబంధం లేదు అనవచ్చు. తెగిన డయోడ్ ఆ ప్యానెల్‌లో భాగమేనని, నీడను ఆదుకోవడానికే దాన్ని పెట్టారని మీరు అడగవచ్చు. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. ట్యాంకు తర్వాత పెట్టింది మీరే కాబట్టి ఆ వాదనకు బలం కొంత తగ్గుతుంది.

నీడ విషయంలో ఏ దారి ఎంచుకున్నా ట్యాంకు పని తప్పదు. స్టాండు ఎత్తు రెండడుగులు తగ్గిస్తే డిసెంబరు మధ్యాహ్నం నీడ మూడడుగులకు దిగి ప్యానెళ్లను తాకదు. ఉదయం పది లోపల కొంత తాకవచ్చు. పైఅంతస్తు కుళాయికి ఒత్తిడి తగ్గుతుందేమో ప్లంబర్‌ను అడగండి. ప్యానెళ్లకు ఉత్తరం వైపుకు మార్చితే ఇంకా మేలు. చలికాలం నీడ అటే పోతుంది. జూన్‌లో సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగినా మధ్యాహ్నం నీడ అడుగుకు మించదు. పైపు కొంచెం పొడుగవుతుంది, అంతే ఖర్చు. ట్యాంకు కదలదంటే, ఆ ఒక్క ప్యానెల్‌ను అడ్డంగా తిప్పి పెట్టించవచ్చు. నిలువుగా ఉన్నప్పుడు అడుగున పడే నీడ మూడు గుంపులనూ తాకుతుంది. అడ్డంగా ఉంటే ఒక్క గుంపుతో సరి. స్టాండు పని ఉంటుంది కాబట్టి నేనైతే ట్యాంకుకే ఓటు వేస్తాను.

చెట్టు జోలికి ఇప్పుడు వెళ్లకండి. పక్కింటి వాళ్లతో మాట కలపడానికి మీ ఆయనకు డిసెంబరు దాకా ఆగాల్సిన అవసరం లేదు. ట్యాంకు ఎత్తు, దూరం టేపుతో కొలిచి, ముప్పాతిక వంతు లెక్క ఆయన చేతే వేయించండి. మామగారికి, తొమ్మిదిలో ఎనిమిది ప్యానెళ్లు ఇంకా నడిచేవేనని ఆ సాయంత్రం మీటరు దగ్గర నిలబెట్టి చూపించండి. ఆ ఎనిమిదిలో ఏదైనా ‘OL’ చూపిస్తే దాన్నీ వెంటనే తప్పించి, రెండింటి స్టిక్కర్ ఫోటోలతో నాకు మళ్లీ రాయండి. ఏడు ప్యానెళ్లతో మీ ఇన్వర్టర్ నిలబడుతుందో లేదో అప్పుడు లెక్కవేద్దాం.